2-35 అంటే ఎన్ని ఎకరాలు? పరాయి దేశానికి వెళ్లే పత్రాల్లో అంకెల సంగతి

తెలంగాణ పల్లెలోని పాత క్రయ దస్తావేజులో విస్తీర్ణం దగ్గర "ఎ. 2-35" అని రాసి ఉంటుంది. గుంటూరు వైపు దస్తావేజులోనూ అదే "ఎ. 2-35" కనిపించవచ్చు. చూపుకి రెండూ ఒకటే, భూమి మాత్రం ఒకటి కాదు. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు. అక్కడ 2-35 అంటే 2 ఎకరాల 35 గుంటలు, దశాంశంలో చెప్పాలంటే 2.875 ఎకరాలు. ఆంధ్రలో ఎకరానికి 100 సెంట్లు. అక్కడ అదే రాత 2 ఎకరాల 35 సెంట్లు, అంటే 2.35 ఎకరాలు. రెండింటి మధ్య తేడా 2,541 చదరపు గజాలు, అర ఎకరం పైమాటే.

ఊళ్లో ఎవరికీ ఈ అనుమానం రాదు. ఆ గీత తర్వాత వచ్చేది గుంటలో సెంట్లో ఆ ప్రాంతం మనిషికి పుట్టుకతోనే తెలుసు. ఆ కాగితం ఇంగ్లీషులోకి మారి అమెరికాలోని ఒక అధికారి బల్ల మీదికి చేరినప్పుడే చిక్కు మొదలవుతుంది. ఆయనకు ఎకరం తెలుసు. గుంట తెలియదు, సెంటు అంటే నాణెం అనుకుంటాడు. అనువాదకుడు 2-35ని తీసి 2.35 అని టైపు చేస్తే ఆయనకు ఏ లోపమూ కనిపించదు. భాషలో తప్పు దొర్లితే వాక్యం తడబడుతుంది, చదివేవాడు ఆగుతాడు. అంకెలో తప్పు దొర్లితే వాక్యం సాఫీగానే సాగిపోతుంది. అందుకే అనువాదంలో మాటల కంటే అంకెలే ఎక్కువ మోసం చేస్తాయి.

ఒక దస్తావేజును వరుసగా చూస్తే సంగతి తేటపడుతుంది. ఇది ఉదాహరణ కోసం కూర్చుకున్నదే అయినా ఇలాంటివి ప్రతి సబ్‌ రిజిస్ట్రార్ ఆఫీసులోనూ ఉంటాయి. తెలంగాణలోని ఒక గ్రామం, సర్వే నంబరు 214/ఆ, విస్తీర్ణం ఎ. 2-35, ఎకరా ఒక్కింటికి రూ. 40,000 చొప్పున మొత్తం రూ. 1,15,000, రిజిస్ట్రేషన్ తేదీ 04-06-1985. కొన్నాయన కొడుకు ఇప్పుడు అమెరికాలో ఉన్నాడు, అక్కడ ఆస్తి చూపించుకోవలసిన అవసరం వచ్చింది. అమెరికా ఇమిగ్రేషన్ శాఖకు పరభాషలో ఉన్న ఏ పత్రం ఇచ్చినా దానికి పూర్తి ఇంగ్లీషు అనువాదం జత చేయాలి. అనువాదం సంపూర్ణంగా, సరిగ్గా ఉందనీ, ఆ పని చేయగల సామర్థ్యం తనకుందనీ అనువాదకుడు సంతకం పెట్టి ధ్రువీకరించాలి.

ఆ సంతకం వల్ల ఈ పత్రం స్వభావమే మారిపోతుంది. ఇది ఇప్పుడు సాక్ష్యం. మూలంలోని అంకెను అనువాదకుడు తన లెక్కతో తీసేసి ఇంకొకటి పెట్టడానికి వీల్లేదు. ఎదురుగా తెలుగు పత్రం నకలు కూడా ఉంటుంది. తెలుగు రాకపోయినా అంకెలు ఎవరైనా పోల్చి చూడగలరు. మూలంలో 2-35 ఉండి అనువాదంలో 2.875 మాత్రమే ఉంటే అధికారి అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది. కాబట్టి సాక్ష్యంగా వెళ్లే పత్రంలో విలువను ముట్టుకోకూడదు. దాని రూపాన్ని మాత్రం అపార్థానికి తావు లేకుండా మార్చవచ్చు. ఇంకా వివరణ కావాలంటే చదరపు బ్రాకెట్లలో, అది అనువాదకుడి మాట అని తెలిసేలా ఇవ్వాలి. మన దస్తావేజులో విస్తీర్ణం "2 ఎకరాల 35 గుంటలు" అని విప్పి రాయాలి, పక్కన బ్రాకెట్లో "ఎకరానికి 40 గుంటలు, మొత్తం 2.875 ఎకరాలు" అని చేర్చాలి. మూలం మూలంగానే ఉంది, చదివేవాడికీ అర్థమైంది.

ఇంతకీ అవి గుంటలా, సెంట్లా అని అనువాదకుడికి ఎలా తెలుస్తుంది? జిల్లా పేరు చూసి చెప్పవచ్చు. అంతకంటే గట్టి ఆధారం పత్రం లోపలే ఉంటుంది. ఎకరాకు 40,000 చొప్పున 1,15,000 అన్నారు కదా. 2.875ని 40,000తో హెచ్చిస్తే సరిగ్గా 1,15,000 వస్తుంది. 2.35తో హెచ్చిస్తే 94,000 దగ్గర ఆగిపోతుంది. పత్రమే తన లెక్క తాను చెప్పేసింది. ధర ఇలా విడిగా లేని చోట కూడికలు చూడాలి. 1-30, 2-35 కలిసి 4-25 అయితే అవి గుంటలు, ఎందుకంటే 65 గుంటల్లో ఒక ఎకరం పోగా 25 మిగులుతాయి. 3-65 అయితే సెంట్లు. పత్రంలో ఎక్కడైనా గీత తర్వాత 40 గానీ అంతకు మించిన సంఖ్య గానీ కనబడిందంటే అవి గుంటలు కావు. తెలంగాణ పట్టాదారు పాస్‌పుస్తకంలో ఇదే విస్తీర్ణం 2.3500 అని అచ్చవుతుంది. అక్కడ చుక్క ఉంది కాబట్టి దశాంశం అనుకోవడం చాలా సులువు, కానీ ఆ 35 కూడా గుంటలే. కంప్యూటర్‌ అచ్చు వేసిన కాగితం మీద ఎవరికీ అనుమానం రాదు కనుక గీత కంటే ఈ చుక్కే ఎక్కువ ప్రమాదం.

ఇదే బాపతు చిక్కు పాత డబ్బు లెక్కలోనూ ఉంది. 1957 ఏప్రిల్ 1కి ముందు కాగితాల్లో "రూ. 12-8-0" అని ఉంటే అది పన్నెండు రూపాయల ఎనిమిది అణాలు. రూపాయికి 16 అణాలు కాబట్టి 12.50 రూపాయలు, 12.80 కాదు.

సర్వే నంబరు దగ్గర పాటించాల్సిన పద్ధతి ఇంకొకటి. 214/ఆ అనేది కొలత కాదు, పేరు. పేరును అనువదించకూడదు, రికార్డులో ఎలా ఉందో అలాగే పలికించాలి. తెలుగు అక్షరమాలలో "ఆ" రెండోది కాబట్టి 214/B అని రాసే అనువాదకులున్నారు. వినడానికి సబబుగానే ఉంటుంది, కానీ తెలంగాణ భూమి రికార్డుల ఇంగ్లీషు పేజీలో ఆ భాగం 214/AA అని ఉంటుంది. "ఇ" వచ్చేసరికి అది C కాదు, E. అమెరికాలో ఎవరైనా ఆన్‌లైన్‌లో సరిచూడబోతే 214/B పేరుతో ఏమీ దొరకదు, దొరికితే మరీ ప్రమాదం. దస్తావేజు నంబరు 1287/1985 లాంటివీ అంతే, అవి భాగహారాలు కావు. వాటికి కామాలు పెట్టకూడదు, విప్పి రాయకూడదు.

తేదీ విషయంలో రూపం మార్చి తీరాలి. 04-06-1985 మనకు జూన్ 4. అమెరికన్‌కు ఏప్రిల్ 6. వాళ్లు నెలను ముందు రాస్తారు. 25-06-1985 లాంటి తేదీ అయితే 25వ నెల లేదు కాబట్టి చదివేవాడే సర్దుకుంటాడు. నెలలో మొదటి 12 రోజులే ముప్పు తెస్తాయి. వాటిలో 04-04, 05-05 లాంటివి ఎలా చదివినా ఒకటే, వాటిని తీసేస్తే ఏడాదిలో 132 రోజులు తారుమారుగా చదివినా చెల్లుబాటయ్యే తేదీలే. పుట్టిన తేదీ ఆ 132లో పడిందంటే బర్త్ సర్టిఫికెట్ అనువాదంలో ఒక తేదీ, పాస్‌పోర్టులో ఇంకో తేదీ ఉన్నట్టు కనిపిస్తుంది. మందు చాలా తేలిక: నెలను అంకెల్లో కాకుండా పేరుతో రాయాలి. జూన్ అని అక్షరాల్లో ఉంటే రోజు ముందున్నా వెనకున్నా గొడవ లేదు. మన దస్తావేజులు రాసేవాళ్లు "1985వ సంవత్సరం జూన్ నెల 4వ తేదీన" అని పొడుగ్గా రాసేవారు. ఆ పాత అలవాటు ఈ పనికి అచ్చంగా సరిపోతుంది.

భూమి కాగితాల్లో ఇంకో తేదీ కూడా తగులుతుంది. పొలం, పంట వివరాలుండే పహాణీ మీద "ఫసలీ 1394" అని ఉంటే అమెరికా పాఠకుడు ఆరు వందల ఏళ్ల నాటి కాగితం అనుకున్నా ఆశ్చర్యం లేదు. ఫసలీ అంటే రెవెన్యూ లెక్కల్లో వాడే సంవత్సరం, ఇప్పటి లెక్కలో అది జులై 1న మొదలవుతుంది. జులై నుంచి డిసెంబరు దాకా 590, జనవరి నుంచి జూన్ దాకా 591 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1394 అంటే 1984 జులై నుంచి 1985 జూన్ వరకు. మన 1985 జూన్ 4 అందులోనే పడింది, రెండు కాగితాలూ ఒకదానికొకటి సాక్ష్యం. ఇక్కడ కూడా ఫసలీ 1394 అనే మాటను ఉంచి, ఏ నెల నుంచి ఏ నెల వరకో బ్రాకెట్లో చెప్పాలి. "1984" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే సగం ఏడాది పోతుంది.

ఇక డబ్బు. రూ. 1,15,000లో కామా మన పద్ధతి. అమెరికాలో అది 115,000. ఈ మార్పు రూపానికి సంబంధించిందే కాబట్టి చేయవచ్చు. "లక్ష", "కోటి" అని అక్షరాల్లో ఉన్న చోట మాత్రం ఆ మాటను ఉంచి పక్కన అంకె ఇవ్వడం మేలు. కోటి అంటే 10 మిలియన్లు. కోటిని మిలియన్ అనుకుని రాసినా, లక్షకు ఒక సున్నా తక్కువైనా విలువ పదో వంతుకు పడిపోతుంది. ఇలాంటి తప్పు పట్టుకోవడానికి అక్షరాల్లో రాసిన మొత్తమే దిక్కు. దస్తావేజులో అంకెల పక్కన "అక్షరాలా ఒక లక్షా పదిహేను వేల రూపాయలు మాత్రమే" అని ఉంటుంది. అనువాదకుడు అంకె చూసి ఆ వాక్యం రాయకూడదు, ఆ వాక్యం చూసే రాయాలి. అప్పుడు రెండూ విడివిడిగా వచ్చి ఒకదాన్నొకటి సరిచూస్తాయి.

డాలర్లలోకి మార్చాలా అనే ప్రశ్నకు సాక్ష్యపత్రంలో జవాబు ఒకటే: మార్చకూడదు. 1985లో డాలరు దాదాపు 12 రూపాయలు ఉండేది. ఆ లెక్కన 1,15,000 రూపాయలు సుమారు 9,600 డాలర్లు. డాలరు 85 రూపాయలు అనుకుని లెక్కిస్తే అదే మొత్తం సుమారు 1,350 డాలర్లు. రెండు సంఖ్యలూ లెక్క ప్రకారం నిజమే. భూమి ఇవాళ్టి విలువను మాత్రం రెండూ చెప్పవు. ఇవాళ్టి విలువ కావాలంటే దానికి వేల్యుయేషన్ రిపోర్టు అనే వేరే పత్రం ఉంది. అందులో డాలర్ల అంకె ఇవ్వవచ్చు, ఏ రోజు మారకం రేటుతో లెక్క కట్టారో, ఆ రేటు ఎక్కడిదో రాస్తే చాలు. 1985 దస్తావేజులోకి 1,350 అనే అంకెను దూర్చితే చదివేవాడు దాన్నే ఆస్తి విలువ అనుకుంటాడు.

ఇంటి స్థలాల విషయంలో ఒక్క మాట. తెలుగులో "200 గజాల స్థలం" అంటే 200 చదరపు గజాలు. చదరపు అనే మాట మనం పలకం. అనువాదంలో అది తప్పకుండా చేరాలి. లేకపోతే 200 గజాలనేది పొడుగు అయిపోతుంది. అమెరికాలో స్థలాన్ని చదరపు అడుగుల్లో చెబుతారు కాబట్టి 1,800 చదరపు అడుగులని పక్కన ఇస్తే ఆ పాఠకుడికి వెంటనే అందుతుంది.

అదే దస్తావేజు అమెరికాకు కాకుండా జర్మనీకి వెళ్తే లెక్క మళ్లీ మారుతుంది. అక్కడ ఎకరం కూడా పరాయి కొలతే, బ్రాకెట్లో హెక్టార్లు రావాలి. 2.875 ఎకరాలు 11,635 చదరపు మీటర్లు, అంటే 1.1635 హెక్టార్లు. ఎన్ని దశాంశాలు ఉంచాలనే చోట చాలామంది అలవాటుగా రెండుతో ఆపేస్తారు. ఇక్కడ ఆ అలవాటు పనికిరాదు. హెక్టారులో రెండో దశాంశం 100 చదరపు మీటర్లు, గుంట 101 చదరపు మీటర్లు. 1.16 అని ఆపితే మూడో వంతు గుంట మాయమైపోతుంది. మూలంలో ఉన్న అతి చిన్న కొలత కంటే బాగా చిన్నదాన్నే సవరించి వదిలేయాలి. అంటే ఇక్కడ మూడో దశాంశం వరకైనా ఉంచాలి. అలాగని 1.16347 దాకా పోనక్కర్లేదు, గుంటల్లో కొలిచిన పొలానికి అంత నిక్కచ్చి లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. జర్మన్లు దశాంశానికి కామా, వేలకు చుక్క వాడతారు. 1.163 హెక్టార్లను వాళ్లు 1,163 అని రాస్తారు. 11,635 చదరపు మీటర్లను 11.635 అని రాస్తారు. ఆ జర్మన్ అనువాదం చూసి మళ్లీ ఎవరైనా ఇంగ్లీషు నకలు తయారు చేస్తే ఒక హెక్టారు పైచిలుకు పొలం కాస్తా 1,163 హెక్టార్ల జమీందారీ అవుతుంది. అందుకే అనువాదం నుంచి అనువాదం చేయకూడదు, ఎప్పుడూ మూలం దగ్గరికే వెళ్లాలి.

ఇప్పటిదాకా చెప్పినదంతా సాక్ష్యంగా నిలిచే పత్రాల గురించి. చదివి వెంటనే పని చేయాల్సిన పత్రం వేరే జాతి. అక్కడ మార్చకపోవడమే తప్పు. బ్రిటన్ ఆస్పత్రి ఇచ్చే కరపత్రాన్ని తెలుగు తల్లుల కోసం తెలుగులో పెట్టారనుకుందాం. పిల్లాడి ఒళ్లు 38 డిగ్రీలు, అంతకు మించి కాలితే జ్వరంగా లెక్క అని అందులో ఉంటుంది. సెల్సియస్ అది. మన వైపు ఎండలు సెల్సియస్‌లోనే చెప్పుకున్నా, జ్వరం మాత్రం ఫారెన్‌హీట్‌లోనే చూసుకుంటాం. "నూటొకటి ఉంది" అంటే అందరికీ తెలుసు. కాబట్టి ఊళ్లో ఉన్న తల్లి కోసమైతే 100.4 అని మార్చాలి. ఇక్కడ చుక్క తర్వాతి 4ను తీసేసి 100 అని గుండ్రం చేయకూడదు, అది గీత గీసి చెప్పిన హద్దు. బ్రిటన్‌లోనే ఉంటున్న తెలుగు తల్లికైతే 38 అలాగే ఉండాలి, ఆమె కొన్న థర్మామీటర్ మీద కనిపించేది అదే. భాష ఒకటే అయినా పాఠకురాలు ఉండే చోటు అంకెను నిర్ణయిస్తుంది.

అదే కరపత్రంలో "1 డిగ్రీ తగ్గవచ్చు" అని ఉంటే అక్కడ ఇంకో చిక్కు ఉంది. 1 డిగ్రీ సెల్సియస్‌ను ఏ కన్వర్టర్‌లో వేసినా 33.8 ఫారెన్‌హీట్ అని వస్తుంది. అది ఉష్ణోగ్రత. తగ్గుదల మాత్రం 1.8 డిగ్రీలే. ఇక సిరప్ మోతాదు దగ్గర మిల్లీలీటర్లను వదలకూడదు. 5 మిల్లీలీటర్లను "ఒక చెంచా" అంటే ఇంటింటికీ చెంచా వేరు.

ఈ రెండు జాతుల మధ్య నలిగే పత్రం ఒకటి మన వాళ్లకు బాగా తెలుసు: గల్ఫ్ ఉద్యోగ ఒప్పందం. కడప నుంచీ గోదావరి జిల్లాల నుంచీ కువైట్ వెళ్లేవాళ్లు ఎందరో. ఒప్పందంలో నెల జీతం 120.500 దినార్లు అని ఉంటుంది. కువైట్ దినారుకు 1,000 ఫిల్సులు, అందుకే చుక్క తర్వాత మూడు అంకెలు. పైసల్లో రెండంకెలకే అలవాటైన కంటికి ఆ చుక్క వేలను విడదీసే గుర్తులా కనబడి లక్షా ఇరవై వేల ఐదు వందలు అనిపిస్తుంది. మోసం చేయాలనుకునే ఏజెంటు ఆ అపోహను దిద్దడు. తెలుగు అనువాదంలో "120.500 కువైట్ దినార్లు, అంటే నూట ఇరవై దినార్ల ఐదు వందల ఫిల్సులు" అని అక్షరాల్లో రాస్తే ఆ దారి మూసుకుపోతుంది.

రూపాయల్లో ఎంతో తెలియకుండా మనిషి సంతకం పెట్టాలా వద్దా అని తేల్చుకోలేడు. కాబట్టి ఇక్కడ మారకం లెక్క ఇవ్వాలి, కానీ ఒప్పందం షరతుల్లో కాదు. షరతులో రూపాయలు రాస్తే అది యజమాని ఇస్తానన్న మాట అయిపోతుంది, దినారు ధర పడిన నెల గొడవ అవుతుంది. ఒప్పందం కింద, అనువాదకుడి వివరణగా, దినారు 280 రూపాయలు అనుకుంటే ఈ జీతం 33,740 రూపాయలు అవుతుందనీ, రేటు మారితే ఇదీ మారుతుందనీ, ఏ తేదీ రేటో చెప్పి రాయాలి.

పని ముగిశాక సరిచూడటం కళ్లతో కాదు, చెవితో చేయాలి. ఒకరు అనువాదంలోని అంకెల్ని వాటి కొలతతో సహా పైకి చదవాలి, ఇంకొకరు మూలం మీద వేలు పెట్టి వినాలి. "రెండు పాయింట్ మూడు ఐదు ఎకరాలు" అని వినబడగానే గుంటలు తెలిసిన మనిషి ఉలిక్కిపడతాడు. అనువాద సాఫ్ట్‌వేర్లలో అంకెల్ని పోల్చే సౌకర్యం ఉంది, కానీ 2-35లోని అంకెలే 2.35లోనూ ఉన్నాయి కాబట్టి అది ఏమీ అనకపోవచ్చు. పైగా సరైన 2.875ని తప్పని ఎత్తి చూపవచ్చు.

తేదీల పట్టిక ఏదైనా CSV ఫైల్‌గా వెళ్తుంటే ఇంకొకటి చూసుకోవాలి. అమెరికా సెట్టింగులున్న కంప్యూటర్‌లో ఎక్సెల్ దాన్ని తెరవగానే 04-06-1985 ఏప్రిల్ 6 అయిపోతుంది. 25-06-1985 మాత్రం తేదీగా మారలేక మామూలు రాతగా మిగులుతుంది. గుర్తుపట్టడం తేలికే: ఒకే నిలువు వరుసలో కొన్ని తేదీలు గడికి కుడి అంచున, కొన్ని ఎడమ అంచున చేరి ఉంటే, కుడివైపువి తారుమారైనట్టే. అక్కడికక్కడ దిద్దడం మొదలుపెట్టకుండా, ఫైలు మూసేసి మూలంలోనే తేదీలన్నీ 1985-06-04 రూపంలోకి మార్చి మళ్లీ పంపాలి.